ఇంటర్‌సెప్ట్ 0.9% వచ్చింది, అది నా డబ్బేనా? బీటా రిగ్రెషన్ గురించి ఒక పాఠకుడి ప్రశ్న

ప్రశ్న: నమస్తే సర్. అయిదేళ్లలో బాగా పెరిగిందని చూసి ఈమధ్యే ఒక మిడ్‌క్యాప్ షేర్ 4 లక్షలకి కొన్నా. 2020 డిసెంబర్ నుంచి 2025 డిసెంబర్ దాకా నెలవారీ అడ్జస్టెడ్ క్లోజ్ తీసుకుని, రిటర్న్స్ లెక్కేసి, నిఫ్టీ 50 రిటర్న్స్ మీద ఎక్సెల్‌లో రిగ్రెషన్ చేశా. బీటా 1.32, ఇంటర్‌సెప్ట్ 0.009, ఆర్-స్క్వేర్డ్ 0.31. అంటే మార్కెట్ ఎటు పోయినా నెలకి 0.9% ఎక్స్‌ట్రా వస్తుందనేగా? 0.31 అంటే బీటా పనికిరాదా? ఒక సైట్‌లో బీటా 1.05 అని ఉంది. మా ఫ్రెండ్ రిటర్న్స్ కాకుండా ధరల మీదే చేస్తే ఆర్-స్క్వేర్డ్ 0.93 వచ్చింది, నాది తప్పంటున్నాడు. LINEST ఇచ్చిందంతా కింద పెడుతున్నా.

```
=LINEST(C2:C61, B2:B61, TRUE, TRUE)

1.32     0.0090
0.259    0.0097
0.31     0.0715
26.06    58
0.133    0.297
```

జవాబు: నమస్తే అండి. LINEST మొత్తం పెట్టి మంచి పని చేశారు, చాలామంది SLOPE ఒక్కటి కొట్టి బీటా ఇంత అని వదిలేస్తారు, అసలు సంగతంతా ఆ రెండో వరసలో ఉంటుంది. మొదటి వరసలో బీటా, అంటే నిఫ్టీ 1% కదిలితే షేర్ సగటున ఎంత శాతం కదులుతుందో, దాని పక్కన ఇంటర్‌సెప్ట్, అంటే నిఫ్టీ కదలని నెలలో మీ గీత చెప్పే రిటర్న్. రెండో వరసలో ఆ రెండిటి స్టాండర్డ్ ఎర్రర్లు, అంటే ఆ నంబర్లు ఎంత అటూఇటూ ఊగగలవో చెప్పే కొలత. మూడో వరసలో ఆర్-స్క్వేర్డ్, దాని పక్కన 0.0715, ఇది మీ గీత వివరించలేకపోయిన నెలవారీ కదలిక సైజు, దీన్ని గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు అవసరం పడుతుంది. నాలుగో వరసలో 58 అంటే 60 నెలల్లోంచి బీటాకీ ఇంటర్‌సెప్ట్‌కీ చెరొకటి పోగా మిగిలినవి. అయిదో వరస ఇప్పుడు మనకి అక్కర్లేదు.

ముందు ఇంటర్‌సెప్ట్ సంగతి, ఎందుకంటే మీరు ఎక్కువ ఆశ పెట్టుకుంది దానిమీదే. 0.0090 పక్కన, కాదు కింద, 0.0097 ఉంది చూశారా. అంటే అంచనా 0.9%, దాని ఎర్రర్ 0.97%, అంచనా కంటే ఎర్రరే పెద్దది. రఫ్‌గా రెండు ఎర్రర్లు అటూ ఇటూ వేస్తే నెలకి మైనస్ 1% నుంచి ప్లస్ 2.8% దాకా ఏదైనా నిజం అయ్యుండొచ్చు. 0.9ని 0.97తో భాగిస్తే టీ-వాల్యూ 0.93, కనీసం 2 దగ్గరకి రాకపోతే అది సున్నా కాదని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేనట్టే. కాబట్టి "నెలకి 0.9% ఎక్స్‌ట్రా" అని ఈ షీట్ చెప్పట్లేదు, "సున్నా కూడా అయ్యుండొచ్చు, మైనస్ కూడా అయ్యుండొచ్చు, నాకు తెలీదు" అని చెప్తోంది.

నెలకి 0.9% అంటే ఏడాదికి దాదాపు 11%, అంత పెద్ద నంబర్ కూడా తేలకపోవడం ఏంటని మీకు అనిపించొచ్చు, అక్కడే ఉంది అసలు విషయం. నెలనెలా ఈ షేర్ తన సొంత కారణాలతో 7.15% అటూఇటూ ఊగుతోంది, రిజల్ట్స్ బాగుంటే ఎగరడం, ఆర్డర్ పోతే పడటం, ప్రమోటర్ అమ్మాడని వార్త రావడం, ఇలాంటివన్నీ. ఆ ఊగిసలాటలో 0.9% సగటుని పట్టుకోవాలంటే చాలా నెలలు కావాలి. ఎర్రర్ అనేది కాలం స్క్వేర్‌రూట్ లెక్కన తగ్గుతుంది, అంటే టీ-వాల్యూ 0.93 నుంచి 2కి రావాలంటే డేటా 4.6 రెట్లు కావాలి, అయిదేళ్లకి బదులు దాదాపు 23 ఏళ్లు. 23 ఏళ్లలో ఆ కంపెనీ వ్యాపారం, మేనేజ్‌మెంట్, అప్పులు అన్నీ మారిపోతాయి, అప్పుడు తేలే ఆల్ఫా, అంటే మార్కెట్ వల్ల కాకుండా షేర్ సొంతంగా ఇచ్చిన అదనపు రాబడి, ఏ కంపెనీదో కూడా చెప్పలేం.

నెలవారీ వద్దు, రోజువారీ డేటా తీసుకుంటే 60 బదులు 1,200 పైనే పాయింట్లు వస్తాయి కదా, ఎర్రర్ తగ్గదా అని కొందరు అడుగుతారు. బీటాకి తగ్గుతుంది, ఇంటర్‌సెప్ట్‌కి తగ్గదు. సగటు రిటర్న్ అంటే చివరికి మొదటి రోజు ధరకీ ఆఖరి రోజు ధరకీ మధ్య తేడానే కదా, మధ్యలో ఎన్ని ముక్కలు చేసి చూసినా ఆ రెండు చివర్లు మారవు, కాబట్టి కొత్త సమాచారం రాదు. బీటా అలా కాదు, మార్కెట్ కదిలినప్పుడల్లా ఈ షేర్ ఎంత కదిలిందో చూసి లెక్కేసేది, కాబట్టి మార్కెట్ ఎన్నిసార్లు కదిలితే అన్ని సాక్ష్యాలు. ఒకే రిగ్రెషన్‌లోంచి పక్కపక్కనే వచ్చినా ఈ రెండు నంబర్ల మీద మనకున్న నమ్మకం ఒక్కలా ఉండకూడదు. మీ షీట్‌లోనే చూడండి, బీటాకి టీ-వాల్యూ 1.32 బై 0.259, అంటే 5.1, బలంగా ఉంది. ఇంటర్‌సెప్ట్‌కి 0.93.

ఇంకా ఒక మాట, ఇది ఎక్సెల్ మీకు చెప్పదు. "అయిదేళ్లలో బాగా పెరిగిందని చూసి కొన్నా" అని మీరే రాశారు. బాగా పెరిగిన షేర్‌ని ఎంచుకుని, అదే అయిదేళ్లకి రిగ్రెషన్ చేస్తే ఇంటర్‌సెప్ట్ ప్లస్‌లో రాక ఎలా వస్తుంది? పెరగని షేర్లని మీరు లిస్టులోకే తీసుకోలేదు. కాబట్టి టీ-వాల్యూ 2 వచ్చినా ఇలాంటి కేసులో నేను నమ్మేవాణ్ణి కాదు. ఆల్ఫా ఉందో లేదో చూడాలంటే మీరు కొన్న తేదీ తర్వాత డేటాతో చూడాలి.

ఇప్పుడు ఆ 0.9% లోపల ఏమేం కలిసి ఉన్నాయో చూద్దాం. మీరు షేర్ రిటర్న్‌ని నేరుగా నిఫ్టీ రిటర్న్ మీద వేశారు. 1968లో మైఖేల్ జెన్సెన్ అమెరికా మ్యూచువల్ ఫండ్ల మీద ఈ లెక్క చేసినప్పుడు, అందుకే దీన్ని జెన్సెన్ ఆల్ఫా అంటారు, రెండు వైపులా ముందు రిస్క్‌లేని వడ్డీ తీసేసి చేశాడు. మనకైతే 91 రోజుల ట్రెజరీ బిల్ రేటు తీసేయాలి. తీసేయకపోతే ఇంటర్‌సెప్ట్‌లో ఆల్ఫాతో పాటు వడ్డీలో ఒక ముక్క కూడా వచ్చి కూర్చుంటుంది, ఆ ముక్క ఎంతంటే, ఇక్కడ rf అంటే ఆ వడ్డీ:

```
intercept = alpha + rf * (1 - beta)
```

వడ్డీ ఏడాదికి 6% అనుకుందాం, అంటే నెలకి 0.5%. మీ బీటా 1.32 కాబట్టి ఆ ముక్క 0.5 ఇంటూ మైనస్ 0.32, అంటే మైనస్ 0.16%. అది సరిచేస్తే మీ ఆల్ఫా 0.9 నుంచి 1.06%కి పెరుగుతుంది. అదే బీటా 0.6 ఉన్న ఎఫ్‌ఎంసీజీ లాంటి షేర్ అయితే ఉల్టా, ఆల్ఫా సున్నా ఉన్నా ఇంటర్‌సెప్ట్ 0.2% చూపిస్తుంది, అది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లాంటిదే తప్ప కంపెనీ గొప్పతనం కాదు. తక్కువ బీటా షేర్లకి ఎప్పుడూ ఇంటర్‌సెప్ట్ ప్లస్‌లో వస్తోందని మురిసిపోయేవాళ్లు చాలావరకు ఇక్కడే పడిపోతారు.

రెండోది డివిడెండ్. మీరు షేర్‌కి అడ్జస్టెడ్ క్లోజ్ తీసుకున్నారు, అందులో డివిడెండ్ కలిసి ఉంది. నిఫ్టీకి మాత్రం టీవీలో కనిపించే మామూలు ఇండెక్స్ తీసుకుని ఉంటారు, అందులో డివిడెండ్ లేదు. నిఫ్టీ డివిడెండ్ యీల్డ్ ఏడాదికి 1.2, 1.3% దగ్గర ఉంటుంది, నెలకి దాదాపు 0.1%, దాన్ని బీటాతో గుణిస్తే 0.14%. అంత మేర మీ ఇంటర్‌సెప్ట్ ఊరికే ఉబ్బింది. ఎన్‌ఎస్‌ఈ వాళ్లు నిఫ్టీ 50 టీఆర్ఐ అని టోటల్ రిటర్న్ ఇండెక్స్ ఇస్తారు, అది వాడాలి. మీ కేసులో వడ్డీ సరిచేస్తే 0.16 పెరిగి, డివిడెండ్ సరిచేస్తే 0.14 తగ్గి, మళ్లీ 0.92 దగ్గరకే వచ్చింది, అది యాదృచ్ఛికం, ఇంకో షేర్‌కి అలా కలిసిరాదు.

మూడోది వీటన్నిటికంటే పెద్దది అని నా అనుమానం. మీది మిడ్‌క్యాప్ షేర్, పోల్చింది నిఫ్టీ 50తో. 2021 నుంచి 2025 దాకా మిడ్‌క్యాప్ ఇండెక్సులు నిఫ్టీ 50 కంటే చాలా ఎక్కువ పెరిగాయి. కాబట్టి ఆ 0.9%లో మీ కంపెనీది ఎంత, మొత్తం మిడ్‌క్యాప్‌లకే వచ్చిన గాలి ఎంత అన్నది ఈ రిగ్రెషన్‌లో విడిపోదు. B కాలమ్‌లో నిఫ్టీ మిడ్‌క్యాప్ 150 టీఆర్ఐ పెట్టి మళ్లీ రన్ చేయండి. ఇంటర్‌సెప్ట్ బాగా కిందికి దిగి, ఆర్-స్క్వేర్డ్ పైకి వెళ్తే, మీరు కంపెనీ ప్రతిభ అనుకుంది చాలావరకు మిడ్‌క్యాప్ ర్యాలీ అని అర్థం, అది ఒక మిడ్‌క్యాప్ ఇండెక్స్ ఫండ్ కొన్నా వచ్చేదే.

ఇక ఆర్-స్క్వేర్డ్ 0.31. దీన్ని పరీక్షలో వచ్చిన మార్కుల్లా చూడకండి, 31 వచ్చింది ఫెయిల్ అని. అది చెప్పేది ఒకటే, ఈ షేర్ కదలికల్లో, కచ్చితంగా అంటే వేరియెన్స్‌లో, 31% మార్కెట్‌తో పాటు వచ్చింది, మిగతా 69% సొంతం. ఒక్క కంపెనీ షేర్‌కి, నెలవారీ డేటాతో, 0.2 నుంచి 0.4 మధ్య రావడం మామూలే. డైవర్సిఫైడ్ మ్యూచువల్ ఫండ్‌కి 0.31 వస్తే మాత్రం ఆశ్చర్యపోవాలి, బెంచ్‌మార్క్ తప్పు పెట్టామేమో చూస్కోవాలి, ఎందుకంటే అక్కడ పదుల కంపెనీల సొంత కదలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మార్కెట్ ఒక్కటే మిగలాలి.

బీటా ఎంత కచ్చితంగా ఉందో ఆర్-స్క్వేర్డ్ చూసి చెప్పలేం, దానికి 0.259 ఉంది కదా. 1.32కి రెండు ఎర్రర్లు అటూఇటూ వేస్తే 0.80 నుంచి 1.84. బీటా సున్నా కాదన్నది గట్టిగా తేలింది, కానీ ఇది మార్కెట్ కంటే ఎక్కువ ఊగే షేరేనా, అంటే 1 కంటే పెద్దదేనా అంటే, అది తేలలేదు, ఎందుకంటే 1 కూడా ఆ రేంజ్‌లోనే ఉంది. సైట్‌లో 1.05 కూడా ఆ రేంజ్‌లోనే ఉంది. అందుకే మీ నంబర్‌కీ సైట్ నంబర్‌కీ గొడవేం లేదు. వాళ్లు ఏ ఇండెక్స్ మీద, ఎన్నేళ్లకి, రోజువారీయా వారంవారీయా నెలవారీయా అన్నది వేరే అయ్యుంటుంది. కొన్ని చోట్ల నేరుగా వచ్చిన బీటాని 1 వైపు కాస్త లాగి చూపిస్తారు, బ్లూమ్‌బర్గ్ అడ్జస్టెడ్ బీటా అలాంటిదే, వచ్చినదానికి మూడింట రెండొంతుల బరువు, 1కి మూడింట ఒక వంతు బరువు. మీ 1.32 ఆ లెక్కలో 1.21 అవుతుంది. మరీ ఎక్కువ వచ్చిన బీటాలు తర్వాతి ఏళ్లలో 1 వైపు జరుగుతాయని 1970ల్లో మార్షల్ బ్లూమ్ చూపించాడు, అందుకే ఆ సర్దుబాటు. మీ షేర్‌కి నేను 1.32 కంటే 1.2నే వాడతాను.

వాళ్లది రోజువారీ డేటా అయితే ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్‌లలో ట్రేడింగ్ పల్చగా ఉంటే మార్కెట్ ఇవాళ పడిన ప్రభావం షేర్‌లో రేపో ఎల్లుండో కనిపిస్తుంది, రోజుకి 5% మించి కదలనివ్వని సర్క్యూట్ ఉన్న షేర్ అయితే పడాల్సిన 12% మూడు రోజులు పడుతుంది. రోజువారీ రిగ్రెషన్ అదే రోజు కదలికనే చూస్తుంది కాబట్టి బీటా తక్కువ చూపిస్తుంది. ఇది ఉందో లేదో పట్టుకోవడం తేలిక, అదే షేర్‌కి రోజువారీ బీటా, వారంవారీ బీటా, నెలవారీ బీటా మూడూ తీయండి, రోజు నుంచి నెలకి వెళ్లేకొద్దీ వరసగా పెరుగుతూ పోతే అదే కారణం, అప్పుడు రోజువారీది పక్కన పెట్టేయండి. బాగా ట్రేడ్ అయ్యే షేర్‌కి నేనైతే వారంవారీ వాడతాను, ఈ ఆలస్యం సమస్యా తక్కువ, పాయింట్లూ సరిపోతాయి.

మీ ఫ్రెండ్ చెప్పిన 0.93 సంగతి. ఆయనదే తప్పండి. అయిదేళ్లలో షేర్ ధర పెరిగింది, నిఫ్టీ కూడా పెరిగింది, పైకి వెళ్లే ఏ రెండు గీతలని ఒకదానిమీద ఒకటి వేసినా ఆర్-స్క్వేర్డ్ చాలా ఎక్కువ రావచ్చు, వాటికి సంబంధం లేకపోయినా సరే. ఆ రిగ్రెషన్‌లో వచ్చిన స్లోప్ బీటా కూడా కాదు, నిఫ్టీ ఒక పాయింట్ కదిలితే షేర్ ఎన్ని రూపాయలు కదిలింది అన్నది, షేర్ 850 దగ్గర, నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే అది 0.04 లాంటి నంబర్ వస్తుంది. ఆయన షీట్‌లో గీతకీ అసలు ధరకీ మధ్య తేడాలని నెలల వరసలో ఒక చార్ట్ గీయమనండి, నెలల తరబడి పైనే, తర్వాత నెలల తరబడి కిందే ఉంటాయి. మీ షీట్‌లో అదే చార్ట్ గీస్తే పైకీ కిందకీ కలగాపులగంగా ఉండాలి.

ఆ చార్ట్ మీరు ఎలాగూ గీస్తారు కాబట్టి ఇంకోటి కూడా చూడండి, ఒక్క పాయింట్ ఎక్కడో దూరంగా పడి ఉందా అని. అడ్జస్టెడ్ ధరలే తీసుకున్నా అన్నారు, మంచిదే, కానీ బోనస్‌లూ స్ప్లిట్‌లూ సరిగ్గా అడ్జస్ట్ అవ్వకుండా వచ్చే డేటా మన దగ్గర తక్కువేం కాదు. ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే ధరల ఫైల్, అదే భావ్‌కాపీలోంచి ధరలు తీసుకునేవాళ్లకి ఇది తప్పకుండా తగులుతుంది, అందులో అడ్జస్ట్‌మెంట్ ఉండదు, 2024 అక్టోబర్‌లో రిలయన్స్ 1:1 బోనస్ ఇచ్చినప్పుడు ఆ ఫైళ్లలో ధర సగానికి పడినట్టే కనిపిస్తుంది. 60 నెలల్లో ఒక్క నెల అలా మైనస్ 50% దూరిందంటే సగటు నెలకి 0.83% తగ్గుతుంది, ఇంటర్‌సెప్ట్ దాదాపు అంతా ఎగిరిపోతుంది, ఆర్-స్క్వేర్డ్ కూడా కుప్పకూలుతుంది. అలాగే నిజమైన పాయింటే దూరంగా ఉండొచ్చు, 2020 మార్చిలో నిఫ్టీ ఒక్క నెలలో 23% పడింది, ఆ నెల కలిసే అయిదేళ్లు తీసుకుంటే బీటాని చాలావరకు ఆ ఒక్క నెలే నిర్ణయిస్తుంది. మీరు తీసుకున్న కాలంలో అంతటి నెల లేదు, నిఫ్టీ నెలవారీ ఊపు 3.6% దగ్గరే ఉంది. దీనివల్ల కూడా మీ ఆర్-స్క్వేర్డ్ తక్కువ వచ్చింది, మార్కెట్ ప్రశాంతంగా ఉన్న కాలంలో షేర్ సొంత గోలే ఎక్కువ వినిపిస్తుంది. కంపెనీలో ఏ మార్పూ లేకుండానే ఆర్-స్క్వేర్డ్ మారేది ఇందుకే.

ఇప్పుడు మీ 4 లక్షలకి ఇదంతా ఏం చెప్తోందో చూద్దాం. నిఫ్టీ ఒక నెలలో 5% పడిందనుకోండి. మీ గీత ప్రకారం షేర్ 0.9 మైనస్ 6.6, అంటే 5.7% పడాలి. కానీ ఆ 7.15% సొంత ఊపుని రెండింతలు చేసి అటూఇటూ వేస్తే 20% పడొచ్చు, 8.6% పెరగనూ వచ్చు. ఒక్క షేర్‌కి, ఒక్క నెలకి, బీటా ఇంతకంటే సాయం చేయలేదు, దీనికి గీత తప్పు కాదు, షేర్ స్వభావమే అది. బీటా పనికొచ్చేది చాలా షేర్లు కలిపి చూసినప్పుడు. అలాంటి ఊపే ఉన్న, ఒకదానికొకటి సంబంధం లేని 25 షేర్లు సమానంగా పెట్టుకుంటే ఆ 7.15% సొంత ఊపు అయిదో వంతుకి, 1.4%కి తగ్గిపోతుంది, బీటా మాత్రం తగ్గదు, సగటు అలాగే నిలబడుతుంది. సంబంధం లేని అన్నాను చూశారా, అది ముఖ్యం, హైదరాబాద్ ఫార్మా కంపెనీలే పది కొనుక్కుంటే అమెరికా ఎఫ్‌డీఏ నుంచి వచ్చే ఒక్క వార్తకి అన్నీ ఒకేసారి ఊగుతాయి, అక్కడ ఈ తగ్గింపు దొరకదు.

రూపాయల్లో చెప్పాలంటే, మీ 4 లక్షలు మార్కెట్ రిస్క్ పరంగా 5.28 లక్షల నిఫ్టీతో సమానం, బీటా రేంజ్ చూస్తే 3.2 నుంచి 7.4 లక్షల మధ్య ఎక్కడైనా. నిఫ్టీ 10% పడితే దానివల్ల పోయేది మధ్యస్థంగా 53 వేలు. అది కాకుండా మార్కెట్‌తో నిమిత్తం లేకుండా, ఏ మామూలు నెలలోనైనా 29 వేలు అటో ఇటో కదలడం ఈ షేర్‌కి మామూలు, మీ డబ్బు మొత్తం ఈ ఒక్క దాంట్లోనే ఉంటే ఆ 29 వేల మాట ముందు చూస్కోండి. మిడ్‌క్యాప్ 150 టీఆర్ఐతో రన్ చేశాక వచ్చిన అయిదు వరసలూ పంపండి, ఇంటర్‌సెప్ట్ ఎంత మిగిలిందో చూద్దాం.